బడ్జెట్, ఎస్టిమేట్, ఫోర్‌కాస్ట్, వాస్తవ లెక్క: కొత్త కోశాధికారికి

అపార్ట్‌మెంట్ సంఘం, కాలనీ సంక్షేమ సంఘం, గుడి కమిటీ, పండగ ఉత్సవ కమిటీ వంటి చోట్ల జీతం లేకుండా డబ్బు లెక్కలు చూసే వ్యక్తి కోశాధికారి. వాడుకలో ట్రెజరర్. ఈ పని తొలిసారి ఒప్పుకున్నవారికి మొదటి రెండు మూడు నెలల్లోనే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఒకే ఖర్చుకు నాలుగు అంకెలు కనబడతాయి. మార్చిలో సమావేశం ఆమోదించింది ఒకటి, కాంట్రాక్టరు రాసిచ్చింది ఇంకొకటి, ఏడాది చివరికి ఎంతవుతుందని కమిటీ అడిగితే చెప్పాల్సింది మరొకటి, బ్యాంకు పాస్‌బుక్‌లో కనబడేది వేరొకటి. వీటిలో ఏది సరైనదని వెతకడమే పొరపాటు. నాలుగూ సరైనవే కావచ్చు, ఎందుకంటే అవి నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

బడ్జెట్ అంటే అనుమతి. ఈ పద్దు కింద ఈ ఏడాది ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చని సభ్యులు ఇచ్చిన మాట. ఎస్టిమేట్ అంటే ఒక పనికి లేదా వస్తువుకు ఎంతవుతుందో పని మొదలుకాక ముందు వేసిన లెక్క. ఫోర్‌కాస్ట్ అంటే ఇప్పటిదాకా జరిగింది చూసి, మిగిలిన నెలల్లో జరగబోయేది కలిపి, ఏడాది ముగిసేసరికి ఎక్కడ తేలతామో ఈ రోజు చెప్పే మాట. వాస్తవ లెక్క అంటే జరిగిపోయిన ఖర్చు, వచ్చిన ఆదాయం. బిల్లు, ఓచరు, రసీదు చూపించగలిగినది. మొదటిదాన్ని మార్చే అధికారం సభ్యులది. రెండోదాన్ని మార్చేది మేస్త్రీ కొలతలూ బజారు ధరలూ. మూడోదాన్ని కోశాధికారి ప్రతి నెలా మార్చాలి, మార్చకపోతేనే తప్పు. నాలుగోదాన్ని ఎవరూ మార్చకూడదు. తప్పు పడితే దిద్దుబాటు ఎంట్రీ రాయాలి, పాతది చెరిపేయకూడదు.

ప్రభుత్వ పద్దుల్లో ఇదే వరస

ఈ నాలుగింటి తేడా తెలియాలంటే మనకు అందుబాటులో ఉన్న మంచి నమూనా కేంద్ర బడ్జెట్ పత్రాలు. రాజ్యాంగం 112వ అధికరణం కేంద్రానికీ, 202వ అధికరణం రాష్ట్రాలకూ వార్షిక ఆర్థిక నివేదికను చట్టసభ ముందుంచమని చెబుతాయి. ఆ పట్టికల్లో సాధారణంగా నాలుగు నిలువు వరసలుంటాయి: ముగిసిపోయిన ఏడాది వాస్తవ లెక్కలు, నడుస్తున్న ఏడాది బడ్జెట్ అంచనాలు, అదే ఏడాదికి సవరించిన అంచనాలు, వచ్చే ఏడాది బడ్జెట్ అంచనాలు. 2025 ఫిబ్రవరి 1న పెట్టిన పత్రంలో ఆ వరసలు 2023-24 వాస్తవం, 2024-25 బడ్జెట్, 2024-25 సవరణ, 2025-26 బడ్జెట్.

ఒక్క సంవత్సరాన్ని పట్టుకుని చూస్తే సంగతి తేటగా ఉంటుంది. 2023-24లో కేంద్రం మొత్తం వ్యయం సుమారు 45.03 లక్షల కోట్ల రూపాయలని 2023 ఫిబ్రవరిలో బడ్జెట్ చెప్పింది. ఏడాది తర్వాత, 2024 ఫిబ్రవరిలో వచ్చిన తాత్కాలిక బడ్జెట్‌లో అదే సంవత్సరానికి సవరించిన అంచనా 44.90 లక్షల కోట్లు. ఇంకో ఏడాదికి, 2025 ఫిబ్రవరి పత్రాల్లో, వాస్తవం 44.43 లక్షల కోట్లని వచ్చింది. ఒకే సంవత్సరానికి మూడు అంకెలు, మూడు తేదీలు. మూడో అంకె వచ్చాక కూడా మొదటి అంకెను ఎవరూ దిద్దలేదు. 2023 నాటి పత్రం తెరిస్తే ఈ రోజుకీ 45.03 లక్షల కోట్లే ఉంటుంది.

సవరించిన అంచనా అనేది మన ఫోర్‌కాస్టే. ఫిబ్రవరి మొదట్లో చెబుతున్నారు కాబట్టి అందులో తొలి నెలల ఖర్చు తెలిసినదే, మార్చి దాకా మిగిలింది మాత్రం ఊహ. సవరించిన అంచనా పెరిగినంత మాత్రాన అదనపు ఖర్చుకు అనుమతి వచ్చినట్టు కాదన్నది గమనించాలి. అనుమతి కావాలంటే ప్రభుత్వం 115వ అధికరణం కింద అనుబంధ పద్దులతో మళ్లీ సభకు వెళ్లాలి. 'ఎక్కువవుతుందని మొన్ననే చెప్పాం కదా' అన్న మాట పార్లమెంటులోనే చెల్లదు, అపార్ట్‌మెంట్ సర్వసభ్య సమావేశంలోనూ చెల్లకూడదు.

ఒక అపార్ట్‌మెంట్ లెక్క

ఉదాహరణకు హైదరాబాదు శివార్లలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు ఒకటి అనుకుందాం. నెలకు ఫ్లాటుకు 2,500 రూపాయల మెయింటెనెన్స్. ఏడాదికి రావాల్సింది 12,00,000. మార్చిలో సర్వసభ్య సమావేశం ఆమోదించిన ఖర్చుల బడ్జెట్ కూడా అంతే. వాచ్‌మన్, పనివాళ్ల జీతాలకు 4,80,000. లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల కరెంటుకు 1,68,000. నీళ్ల ట్యాంకర్లకు 1,32,000. టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్‌కు 1,50,000. లిఫ్టు వార్షిక నిర్వహణ, జనరేటర్ డీజిల్, చిన్న మరమ్మతులు, సంపు శుభ్రం కలిపి 2,04,000. మిగిలిన 66,000 అనుకోని ఖర్చులకు.

ఈ ఆఖరి పద్దును చాలా కమిటీలు పెట్టవు, పెట్టినా ఏదో దాస్తున్నారన్నట్టు సభ్యులు చూస్తారు. నిజానికి బడ్జెట్‌లో అన్నింటికన్నా నిజాయితీ గల పద్దు అదే. మిగతా పద్దులన్నీ లెక్క ప్రకారమే జరుగుతాయని మేం అనుకోవడం లేదని అది ముందే చెబుతుంది. అయితే దాన్ని ఎవరి సంతకంతో, ఎంతవరకు వాడుకోవచ్చో మార్చి తీర్మానంలోనే రాయించుకోవాలి. ఈ ఉదాహరణలో, ఏ పద్దులో ఎక్కువైనా ఆ మేరకు ఇందులోంచి బదలాయించే అధికారం కార్యవర్గానికి ఉందని, 66,000 దాటితే మళ్లీ సభ్యుల దగ్గరికి రావాలని తీర్మానం ఉందనుకుందాం.

ఎస్టిమేట్: టెర్రస్ పని

టెర్రస్ పద్దులో 1,50,000 ఎక్కడి నుంచి వచ్చింది? ఫిబ్రవరిలో ఒక మేస్త్రీ పైకెక్కి చూసి, 'మూడు వేల చదరపు అడుగులుంటుంది సార్, అడుగుకి యాభై అవుద్ది' అన్నాడు. టేపు పెట్టి కొలవలేదు, పాత పూత ఎంత లోతు లేచిపోయిందో గీకి చూడలేదు. ఇది కంటిచూపు ఎస్టిమేట్. బడ్జెట్ తయారీకి ఇది చాలు, తప్పు లేదు. కాకపోతే ఎస్టిమేట్ పక్కన అది ఎలాంటిదో రాసుకోవాలి: ఎవరు చెప్పారు, ఏ తేదీన, కొలిచి చెప్పారా చూసి చెప్పారా. ఈ మూడు మాటలూ రాయకపోతే రెండు నెలలకు ఆ లక్షన్నర ఒప్పుకున్న ధరలా అందరి నోళ్లలో పడుతుంది.

ఏప్రిల్‌లో మూడు కొటేషన్లు తెప్పించారు. కొటేషన్ ఎస్టిమేట్ కన్నా ఒక మెట్టు పైది. ఇంత ధరకు ఈ పని చేస్తానని, ఫలానా తేదీ దాకా ఆ మాట మీద ఉంటానని కాంట్రాక్టరు సంతకం పెట్టి ఇచ్చేది. మూడింటిని పక్కపక్కన పెట్టేటప్పుడు ఆఖరి మొత్తం చూస్తే సరిపోదు. ఒకరు జీఎస్టీ కలిపి రాస్తారు, ఇంకొకరు వేరుగా అంటారు. ఒకరి ధరలో పాత పూత చెక్కి కిందికి దించే కూలి ఉంటుంది, ఇంకొకరి ధరలో ఉండదు. అన్నీ ఒకే కొలతకు తెచ్చాక, టేపు పెట్టి కొలిస్తే 3,200 చదరపు అడుగులు తేలి, అడుగుకు 52.50 చొప్పున జీఎస్టీతో కలిపి 1,68,000 కొటేషన్‌ను కమిటీ ఒప్పుకుంది.

ఇప్పుడు కోశాధికారి చేయాల్సిందేమిటి? బడ్జెట్ వరసలో 1,50,000ను 1,68,000గా మార్చాలని చెయ్యి ఊరుతుంది. మార్చకూడదు. బడ్జెట్ అలాగే ఉంటుంది. ఫోర్‌కాస్ట్ 1,68,000 అవుతుంది. తేడా 18,000 అనుకోని ఖర్చుల నుంచి బదలాయిస్తున్నట్టు కార్యవర్గం మినిట్స్‌లో రాస్తుంది.

ఏప్రిల్ 28న సగం, అంటే 84,000 అడ్వాన్సు ఇచ్చారు. ఏప్రిల్ నెల నివేదికలో ఇది ఖర్చా? డబ్బు బ్యాంకు నుంచి వెళ్లింది, కానీ పని మొదలు కాలేదు. ఆ రోజుకు కాంట్రాక్టరు మనకు 84,000 రూపాయల పని బాకీ ఉన్నాడు. కాబట్టి దాన్ని అడ్వాన్సుల కింద విడిగా చూపాలి, టెర్రస్ ఖర్చులో కాదు. మే నెలలో పాత పూత తీస్తే పిట్టగోడ పొడవునా బీటలు బయటపడ్డాయి. వాటిని పూడ్చడానికి ఇంకో 9,000 అడిగారు. ఫోర్‌కాస్ట్ 1,77,000కు కదిలింది. మృగశిర కార్తెకు ముందే పని ముగిసింది, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశారు, కింది ఫ్లాట్లలో చెమ్మ దిగలేదు. వాస్తవ ఖర్చు 1,77,000. అయితే కాంట్రాక్టరు చేతికి వెళ్లింది 1,59,300 మాత్రమే. పదో వంతు, 17,700, వానాకాలం గడిచాక ఇస్తామని ఒప్పందంలోనే రాసుకున్నారు. ఆ మొత్తం చెల్లించకపోయినా ఖర్చే, ఎందుకంటే పని అయిపోయింది. పుస్తకాల్లో అది మనం ఇవ్వాల్సిన బాకీగా ఉంటుంది.

వాస్తవ లెక్కలోనూ కొంత అంచనా

దీన్నిబట్టి వాస్తవ లెక్క అంటే పాస్‌బుక్ కాదని తెలుస్తుంది. పాస్‌బుక్ చెప్పేది డబ్బు ఎప్పుడు కదిలిందని. వాస్తవ ఖర్చు చెప్పేది సంఘం ఏ నెలలో దేన్ని వాడుకుందని. చిన్న సంఘాలు చాలావరకు నగదు పద్ధతిలోనే, అంటే ఇచ్చినప్పుడు ఖర్చు, వచ్చినప్పుడు ఆదాయం అని రాస్తాయి. దాన్ని జమా చెల్లింపుల పట్టిక అంటారు. అది నడుస్తుంది గానీ కొన్ని చోట్ల మోసం చేస్తుంది. కరెంటు బిల్లే తీసుకోండి. సెప్టెంబరు వాడకానికి బిల్లు అక్టోబరులో వస్తుంది. సెప్టెంబరు 30న ఆరు నెలల లెక్క వేస్తే చేతిలో ఐదు బిల్లులే ఉంటాయి, మొత్తం 70,000. బడ్జెట్‌లో ఆరు నెలలకు 84,000 ఉంది కాబట్టి 14,000 ఆదా అయిందని సంబరపడతారు. ఆదా కాదు, బిల్లు రాలేదంతే. ఆరో బిల్లు సుమారు 14,000 ఉంటుందని అంచనా వేసి వాస్తవంలో కలపాలి, పక్కన 'బిల్లు రావాలి' అని గుర్తు పెట్టాలి. వాస్తవ లెక్కలో కూడా ఇలా కొంచెం అంచనా కలుస్తుందని కొత్తవారికి ఎవరూ చెప్పరు. బిల్లు వచ్చాక తేడా ఉంటే అక్టోబరులో సర్దుకుంటుంది.

ఆదాయంలో ఇంకో చిక్కుంది. కార్పస్ నిధి కోసం కొత్త యజమాని కట్టిన మొత్తం ఆదాయం కాదు. ఎవరైనా ఏడాది మెయింటెనెన్స్ ఒకేసారి కడితే మిగిలిన నెలల వాటా ఇంకా ఈ నెల ఆదాయం కాదు. యూపీఐలో ఫ్లాటు నంబరు లేకుండా 2,500 పడితే ఎవరిదో తేలేదాకా దాన్ని సస్పెన్స్ ఖాతాలోనే ఉంచాలి; ఊహించి ఒకరి పేరున జమ వేస్తే వచ్చే నెల ఇద్దరితో గొడవ.

బడ్జెట్‌ను పన్నెండుతో భాగించడం

నీళ్ల ట్యాంకర్ల పద్దు దగ్గర కొత్త కోశాధికారులు ఎక్కువగా తడబడతారు. 1,32,000ను పన్నెండుతో భాగించి నెలకు 11,000 అనుకుంటారు. జూన్ చివరికి బడ్జెట్ ప్రకారం 33,000 కావాలి, వాస్తవం 90,000. గుండె ఆగినంత పనవుతుంది. కానీ ట్యాంకర్లు పన్నెండు నెలలూ సమానంగా రావు. బోరు ఎండేది ఎండాకాలంలోనే. బడ్జెట్ వేసినప్పుడే నెలవారీగా పరిచి ఉండాల్సింది: ఏప్రిల్‌లో 32, మేలో 40, జూన్‌లో 23, జూలైలో 8, ఆ తర్వాత ఆగస్టు నుంచి డిసెంబరు దాకా సున్నా, జనవరిలో 8, ఫిబ్రవరిలో 20, మార్చిలో 34. మొత్తం 165 ట్యాంకర్లు, ఒక్కొక్కటి 800 చొప్పున 1,32,000. ఇలా పరిస్తే జూన్ చివరికి బడ్జెట్ 95 ట్యాంకర్లకు 76,000. వాస్తవం 90,000. మించింది 57,000 కాదు, 14,000.

ఆ 14,000 ఎందుకు మించిందో కూడా చెప్పగలగాలి. వాచ్‌మన్ దగ్గరున్న ట్యాంకర్ల పుస్తకం చూస్తే 100 ట్యాంకర్లు వచ్చాయి, ధర 900. ఐదు ట్యాంకర్లు ఎక్కువ రావడం వల్ల పాత ధర మీద 4,000 పెరిగింది. ట్యాంకరుకు వంద చొప్పున ధర పెరగడం వల్ల వంద ట్యాంకర్లకు 10,000 పెరిగింది. ఈ విభజన వల్ల కమిటీ చేయాల్సిన పని మారుతుంది. సంఖ్య పెరిగితే లీకేజీ వెతకాలి, మోటారు వేళలు చూడాలి. ధర పెరిగితే వేరే సరఫరాదారుతో మాట్లాడాలి. ఇక్కడ సమస్య ఎక్కువగా ధరది. 'నీళ్లు పొదుపుగా వాడండి' అని లిఫ్టులో కాగితం అంటిస్తే పెద్దగా ఒరిగేది లేదు.

ఫోర్‌కాస్ట్ వేసే తీరు

జూన్ చివర్లో కమిటీ అడిగింది: ట్యాంకర్లకు ఏడాది మొత్తం ఎంతవుతుంది? ఇక్కడ రెండు తప్పు దారులున్నాయి, రెండూ జనం బాగా తొక్కినవే. మొదటిది, మూడు నెలలకు 90,000 అయింది కాబట్టి నాలుగుతో గుణిస్తే 3,60,000 అనడం. ఎండాకాలాన్ని ఏడాది పొడవునా సాగదీస్తే వచ్చే అంకె అది. రెండోది, 1,32,000లోంచి 90,000 తీసేస్తే 42,000 మిగిలింది, అంతలో సర్దుకుంటాం అనడం. 42,000 అనేది అనుమతిలో మిగిలిన భాగం. జనవరి నుంచి మార్చి దాకా బోరు ఎంత నీరిస్తుందన్నది అనుమతితో సంబంధం లేని విషయం.

సరైన సూత్రం చిన్నది: ఇప్పటిదాకా వాస్తవం, దానికి మిగిలిన నెలల తాజా అంచనా కలపాలి. మిగిలినవి 70 ట్యాంకర్లు, ఇప్పటి ధర 900, అంటే 63,000. మొత్తం 1,53,000. ఇది జూన్ 30 నాటి ఫోర్‌కాస్ట్. తేదీ లేని ఫోర్‌కాస్ట్‌ను ఎవరూ నమ్మకూడదు. జూలైలో వానలు ముందే పడి 8 బదులు 6 ట్యాంకర్లే తెప్పించారు. సెప్టెంబరు 30 నాటికి వాస్తవం 95,400, మిగిలిన 62 ట్యాంకర్లకు 55,800, ఫోర్‌కాస్ట్ 1,51,200. జూన్ నాటి మాట తప్పైందని కాదు. ఆ రోజు తెలిసినదాన్ని బట్టి అది సరైనదే.

ఫోర్‌కాస్ట్‌లో ఆశను కలపడం మరో జబ్బు. జనవరిలో మంజీరా కనెక్షన్ వస్తుందంటున్నారు, ట్యాంకర్లు సగం రాసేద్దామని ఎవరో ఒకరు అంటారు. కనెక్షన్‌కు డబ్బు కట్టిన రసీదు, పైపు వేసే తేదీ చేతిలో ఉంటే రాయండి. లేకపోతే దాన్ని పట్టిక కింద ఒక వాక్యంగా రాయండి, అంకెలోకి రానివ్వకండి. జీతాల పద్దులో మాత్రం అక్టోబరు నుంచి నెలకు 2,000 పెంచుతామని కమిటీ తీర్మానించింది. అది ఖాయమైన మార్పు, ఫోర్‌కాస్ట్‌లోకి రావాల్సిందే: 4,80,000 కాస్తా 4,92,000 అవుతుంది.

సెప్టెంబరు 30 నాటి పట్టిక ఇలా ఉంటుంది (రూపాయల్లో):

| పద్దు | బడ్జెట్ | 6 నెలల వాస్తవం | ఏడాది ఫోర్‌కాస్ట్ |
|---|---|---|---|
| జీతాలు | 4,80,000 | 2,40,000 | 4,92,000 |
| కరెంటు | 1,68,000 | 84,000 | 1,68,000 |
| ట్యాంకర్లు | 1,32,000 | 95,400 | 1,51,200 |
| టెర్రస్ | 1,50,000 | 1,77,000 | 1,77,000 |
| మిగతావి | 2,04,000 | 1,10,000 | 2,04,000 |
| అనుకోని ఖర్చులు | 66,000 | 0 | 0 |
| మొత్తం | 12,00,000 | 7,06,400 | 11,92,200 |

ఇందులో ఎస్టిమేట్‌కు వరస లేదు. అది పని ఫైల్లో ఉంటుంది, కొటేషన్లతో పాటు. పద్దుల పట్టికకు అది ముడిసరుకు. బడ్జెట్‌లోకి ఒకసారి, ఫోర్‌కాస్ట్‌లోకి మరోసారి చేరుతుంది. అనుకోని ఖర్చుల వరసలో ఫోర్‌కాస్ట్ సున్నా ఎందుకో కూడా చూడాలి. ఆ డబ్బు నేరుగా ఆ పద్దు కింద ఖర్చు కాలేదు. జీతాల్లో 12,000, ట్యాంకర్లలో 19,200, టెర్రస్‌లో 27,000, వెరసి 58,200 ఇతర పద్దుల్లో మించినదాన్ని అది మోస్తోంది. 66,000లో 7,800 మిగులుతుంది. ఇంకో ఆరు నెలలకు మిగిలిన ఆసరా అంతే. లిఫ్టు మోటారు కాలితే చాలదు.

పైకి చూస్తే మొత్తం బడ్జెట్ లోపలే ఉంది, దిగులు లేదు. ఖర్చుల పట్టిక మాత్రమే చూసే కోశాధికారి ఇక్కడ ఆగిపోతాడు. ఆదాయం వైపు ఫోర్‌కాస్ట్ వేస్తే కథ మారుతుంది. రెండు ఫ్లాట్ల యజమానులు ఏప్రిల్ నుంచి కట్టడం లేదు. ఇలాగే సాగితే మార్చికి ఒక్కొక్కరి బకాయి 30,000, ఇద్దరిదీ 60,000. పుస్తకాల్లో ఆదాయం 12,00,000 అనే ఉంటుంది, అందులో 60,000 రావాల్సిన బకాయిగా. బ్యాంకులోకి వచ్చేది 11,40,000. ఖర్చు 11,92,200. చేతిలో డబ్బు 52,200 తక్కువ పడుతుంది. మార్చి జీతాలివ్వడానికి కార్పస్ ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టాల్సి రావచ్చు. ఈ మాట అక్టోబరులో చెబితే ఆ ఇద్దరితో మాట్లాడటానికి ఆరు నెలలుంటాయి. మార్చిలో పాస్‌బుక్ చూసి చెబితే మాట్లాడటానికి ఏమీ ఉండదు. ఫోర్‌కాస్ట్ వేసే శ్రమ అంతా ఈ వ్యవధి కోసమే.

పండగ కమిటీల్లో

వినాయక చవితి మండపం వంటి వాటిలో ఏడాది లెక్క ఉండదు, అంతా నెల రోజుల్లో ముగుస్తుంది. అక్కడ బడ్జెట్ కన్నా రోజువారీ ఫోర్‌కాస్టే పనికొస్తుంది. చందా రాయించుకున్న మొత్తం వాస్తవం కాదు, రసీదు ఇచ్చి తీసుకున్నదే వాస్తవం. రాసిన చందాలన్నీ వస్తాయని లెక్కేసి లైటింగ్‌కు అడ్వాన్సు ఇచ్చేసిన కమిటీలు నిమజ్జనం మర్నాడు సొంత జేబులు తడుముకుంటాయి. లడ్డూ వేలంలో పాడిన మొత్తం కూడా అంతే. చాలాచోట్ల అది చేతికి వచ్చేది మరుసటి ఏడాది పండగ ముందే, కాబట్టి ఈ ఏటి ఖర్చులకు దాన్ని నమ్ముకోలేరు.

తేడాను చదవడం

వాస్తవానికీ బడ్జెట్‌కూ మధ్య తేడా ఉండటం తప్పు కాదు. నలభై ఫ్లాట్ల సంఘంలో ఏడాది చివర ప్రతి పద్దులోనూ తేడా సున్నా అని వస్తే ఆడిటర్ అనుమానించాల్సింది అప్పుడే. ఎవరో బడ్జెట్ వరసను వాస్తవానికి తగ్గట్టు దిద్ది ఉంటారు, లేదా ఒక పద్దు ఖర్చును మరో పద్దులో దాచి ఉంటారు. ఆ రెండో అలవాటును పట్టుకోవడం సులువే: చిన్న మరమ్మతుల ఓచర్లలో ట్యాంకరు బిల్లులు కనబడతాయి. స్ప్రెడ్‌షీట్ వాడేవారు మార్చి తీర్మానం అయిన రోజే బడ్జెట్ వరసకు తాళం వేసి, ఒక ప్రింటు తీసి అధ్యక్షుడి చేత, కార్యదర్శి చేత సంతకం చేయించి ఫైల్లో పెట్టాలి. ప్రతి నెలా ఫోర్‌కాస్ట్ పాతదాని మీద రాయకుండా కొత్త షీటులో వేయాలి. ఏడాది ముగిశాక ఆ షీట్లన్నీ వరసగా చూస్తే తన అంచనాలు ఎటు మొగ్గుతున్నాయో కోశాధికారికే తెలుస్తుంది. కొందరు ప్రతిసారీ తక్కువ చెబుతారు, కొందరు భయంతో ఎక్కువ చెబుతారు. ఎక్కువ చెప్పడం జాగ్రత్త అనుకుంటారు గానీ, దాని వల్ల సభ్యులు అవసరం లేని మెయింటెనెన్స్ పెంపు మోస్తారు.

సర్వసభ్య సమావేశంలో ఎవరో లేచి అడుగుతారు: 'టెర్రస్‌కి లక్షన్నర అన్నారు కదండీ, లక్షా డెబ్బై ఏడు వేలు ఎట్లయింది?' జవాబు నాలుగు అంకెల వరసలోనే ఉంది. ఫిబ్రవరిలో కొలవకుండా వేసిన ఎస్టిమేట్ మీద మీరు లక్షన్నరకు అనుమతిచ్చారు. ఏప్రిల్‌లో కొలిస్తే రెండు వందల అడుగులు ఎక్కువ తేలింది, అడుగు ధర రెండున్నర పెరిగింది, కొటేషన్ లక్షా అరవై ఎనిమిది వేలకు వచ్చింది. బీటలకు తొమ్మిది వేలు. బదలాయింపు తీర్మానాలు మినిట్స్‌లో ఫలానా పేజీల్లో ఉన్నాయి. ఇంతకన్నా ఎక్కువ చెప్పక్కర్లేదు. బడ్జెట్ అంకెను మధ్యలో దిద్దేసి ఉంటే ఈ జవాబు చెప్పడానికి ఆధారమే మిగలదు, ప్రశ్న మాత్రం మిగులుతుంది.

వచ్చే ఏడాది బడ్జెట్ వేసేటప్పుడు ఈ ఏటి బడ్జెట్ మీద పది శాతం పెంచి రాసేయకండి. వాస్తవం నుంచి మొదలుపెట్టండి. ట్యాంకర్లకు పుస్తకంలోని నెలవారీ సంఖ్య, మార్చిలో ఉన్న ధర. జీతాలకు పన్నెండు నెలలూ కొత్త లెక్క, అంటే 42,000 చొప్పున 5,04,000. ఈ ఏడాది 4,92,000 అయింది ఆరు నెలల పెంపు వల్లే. టెర్రస్ పద్దు ఉండదు, అది ఒక్కసారి పని. ఆ లక్షన్నర చోటును ఇంకో ఖర్చుతో నింపాలా, మెయింటెనెన్స్ పెంచకుండా నెట్టుకురావాలా అన్నది సభ్యులు తేల్చాల్సిన విషయం. ఈ నాలుగు అంకెలనూ విడివిడిగా వాళ్ల ముందు పెట్టండి.